‘ద’ అంటే ‘ఆ’, ‘ఎ’ అంటే ‘ఒక’: ఈ చిట్కా పనిచేస్తుందా?

కృష్ణలంక_బీకామ్: ఇంగ్లిష్ ఆర్టికల్స్ ఖాళీలు నింపడానికి మా ట్యూషన్ సార్ “వాక్యాన్ని తెలుగులో అనుకో. ‘ఆ’ పడితే ద, ‘ఒక’ పడితే ఎ, రెండూ పడకపోతే ఏమీ వద్దు” అన్నారు. అలాగే చేస్తే 20 ఖాళీల్లో 11 తప్పులు. తప్పు చిట్కాదా, నాదా?

అరండల్‌పేట_కోచింగ్: తొందరపడి ఉంటావు తమ్ముడూ. 14 ఏళ్లుగా ఇదే చెబుతున్నా, పిల్లలు పాసవుతున్నారు. దీనికి ఇంకొకటి కలుపుకో: ఒక వస్తువు మాట మొదటిసారి వస్తే ఎ, రెండోసారి వస్తే ద.

బ్రాడీపేట_లెక్చరర్: తప్పు చిట్కాదే బాబూ. “మా అమ్మ టీచర్” అంటాం, “ఒక టీచర్” అనం. అందుకే మన పిల్లలు “మై మదర్ ఈజ్ టీచర్” అని రాస్తారు. అక్కడ ఎ ఉండి తీరాలి.

ఆ మొదటిసారి, రెండోసారి లెక్క కూడా అన్నిచోట్లా నిలవదు. “నిన్న స్కూటర్ కొన్నాను. బెంజి సర్కిల్ దాటగానే ముందు టైరు పంక్చరైంది.” టైరు మాట రావడం ఇదే మొదటిసారి. తెలుగులో “ఆ ముందు టైరు” అంటే వినేవాళ్లు తికమక పడతారు. ఇంగ్లిష్‌లో మాత్రం “ఎ స్కూటర్”, ఆ వెంటనే “ద ఫ్రంట్ టైర్”. స్కూటర్ అనగానే దాని ముందు టైరు ఏదో తెలిసిపోయింది, ఉన్నది ఒక్కటే కాబట్టి.

నేను పిల్లల చేత “ఏది?” అని అడిగిస్తాను. వినేవాడికి ఆ ప్రశ్న వేసే అవసరం లేకపోతే ద. ఏదో ఇంకా తెలియదు, పైగా లెక్కపెట్టగలిగే ఒక్కటి అయితే ఎ.

పటమట_నాన్న: యాన్ అవర్, ఎ యూనివర్సిటీ. అక్షరం కాదు, పలికే శబ్దం చూడాలి. ఇది చెప్పకే మావాడికి రెండు మార్కులు పోయాయి.

బ్రాడీపేట_లెక్చరర్: నిజమేనండి. కానీ ఆ అబ్బాయి అడిగింది ఇది కాదు.

తెనాలి_తెలుగు: అసలు మనకు ఆర్టికల్స్ లేవంటే నేను ఒప్పుకోను. “పుస్తకం కొన్నాను” వేరు, “పుస్తకాన్ని కొన్నాను” వేరు. రెండోది మనం ముందే అనుకున్న పుస్తకం. ‘ని’ ఉంటే ద అని చెబితే సరిపోదా?

బ్రాడీపేట_లెక్చరర్: బాగా పట్టుకున్నారు. ప్రాణం లేని వస్తువుల దగ్గర చాలావరకు కుదురుతుంది. “దారిలో కుక్కని చూశాను” దగ్గర కుదరదు. ఎన్నడూ చూడని కుక్కైనా మనకు ‘ని’ తప్పదు, ఇంగ్లిష్‌లో అది ఎ డాగ్.

తెనాలి_తెలుగు: కుక్క సంగతి ఒప్పుకుంటాను. పుస్తకం సంగతి వదలను.

అరండల్‌పేట_కోచింగ్: మేడమ్, నా క్లాసులో 60 మంది, 45 నిమిషాలు. టైరు, కుక్క, పుస్తకం అని చెప్పుకుంటూ పోతే పేపరు ఎప్పుడు చేయించను? సగం కరెక్ట్ వచ్చినా వాళ్లకి చాలు.

బ్రాడీపేట_లెక్చరర్: మీకు చాలు, వాళ్లకి చాలదు. మీరు సగం తప్పు నేర్పి పంపితే అది మాన్పించడానికి నాకు డిగ్రీలో ఏడాది పట్టేది.

అరండల్‌పేట_కోచింగ్: తప్పు నేర్పుతున్నానని నలుగురిలో అనడం బాగాలేదు.

ఆటోనగర్_డిప్లొమా: గొడవ పడకండి. నా సంగతి వినండి. ఇంటర్వ్యూలో “ఐ యామ్ ఫ్రమ్ ద విజయవాడ” అన్నాను. ఎదురుగా ఉన్న ఇద్దరూ ముఖాలు చూసుకుని నవ్వారు. తర్వాత పంపు, వాల్వు గురించి అడిగినవన్నీ నాకు వచ్చినవే, నోరు పెగల్లేదు. తెలుగు మీడియం వాణ్ణి, ఎక్కడ తప్పు పోతుందోనని అన్నిటికీ ద తగిలించేవాణ్ణి.

అరండల్‌పేట_కోచింగ్: ఇదే మేడమ్ నేను చెప్పేది. నన్నూ ఇలాగే నవ్వారు, ఆరు నెలలు ఇంగ్లిష్ మాట్లాడలేదు. నా చిట్కా మార్కుల కోసమే కాదు, ముందు నోరు తెరవాలని. దిద్దడం మొదలుపెడితే పిల్లలు మళ్లీ మూసేస్తారు.

బ్రాడీపేట_లెక్చరర్: ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను అంత గట్టిగా అనేదాన్ని కాదు. కానీ ఎవరూ దిద్దకపోబట్టే కదా ఈ అబ్బాయి అక్కడ ఆగిపోయాడు. ఆటోనగర్ బాబూ, ఊరి పేరుకి ద ఉండదు. నదికి ఉంటుంది, ద కృష్ణా. అదే పేరున్న జిల్లాకి ఉండదు. పేర్ల దగ్గర నా “ఏది?” ప్రశ్న కూడా పనికిరాదు, గుర్తుపెట్టుకోవాల్సిందే.

కృష్ణలంక_బీకామ్: “ఏది?” అడుగుతూ మళ్లీ చేశాను. 11 తప్పులు 5 అయ్యాయి. ఒకటి తేలడం లేదు. “నాన్న హాస్పిటల్‌లో ఉన్నారు”కి కీలో “ఇన్ హాస్పిటల్” అని ఉంది, మా అక్క పుస్తకంలో “ఇన్ ద హాస్పిటల్” అని ఉంది.

బ్రాడీపేట_లెక్చరర్: రోగిగా చేరితే బ్రిటిష్ వాళ్లు ద పెట్టరు, అమెరికా వాళ్లు పెడతారు. చూడటానికి వెళ్లినవాళ్లకైతే ఇద్దరూ పెడతారు.

అరండల్‌పేట_కోచింగ్: రేపు ఉదయం 6కి క్లాసు. ఎవరైనా ఇది అడిగితే ఏది కరెక్ట్ అని వేయమంటారు మేడమ్?