ఎస్ఎస్‌బీ పీఐక్యూ ఫారంలో మానేసిన హాబీ రాయొచ్చా?

అన్నలూ, అక్కలూ, వచ్చే నెల బెంగళూరులో నాకు డిఫెన్స్ ఆఫీసర్ ఎంపిక కోసం ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ ఉంది. పదో తరగతి దాకా చెస్ ఆడాను, తర్వాత మానేశాను. అయినా మొన్న మాక్ ఇంటర్వ్యూలో హాబీ చెస్ అన్నాను. "2024లో గుకేశ్ గెలిచిన ఆఖరి గేమ్‌లో డింగ్ చేసిన తప్పేంటి?" అన్నారు. నోరు పెగల్లేదు. నేను రోజూ చేసేది మిద్దె మీద బెండ, టమాటా పెంచడం. బెండకు పట్టిన పేనుబంక గురించి అడిగితే పది నిమిషాలు చెప్పగలను. ఫారంలో మొక్కలే రాయనా?

ఇంకోటి, నాన్నతో నాకు మాటలు తక్కువ. ఇంట్లో ఎవరితో చనువని అడిగితే అమ్మతో అని, ఎందుకో కూడా చెప్పాలనుకుంటున్నాను. అది మైనస్ అవుతుందా? ఇంటర్వ్యూకి వెళ్లొచ్చినవాళ్లు మీరేం చెప్పారో రాయండి.