ఈడిపస్ వ్యాసంలో ట్రాజిక్ ఫ్లా, కథార్సిస్ ఎలా రాయాలి?

గుంటూరులో ఎంఏ ఇంగ్లీష్ చదువుతున్నాను, సోఫోక్లిస్ రాసిన గ్రీకు నాటకం ఈడిపస్ రెక్స్ మీద వ్యాసం రాస్తున్నా, వచ్చే వారమే పరీక్ష. "అహంకారమే ఈడిపస్ ట్రాజిక్ ఫ్లా" అన్న నా మొదటి వాక్యం కింద మేడమ్ ఎర్ర పెన్నుతో గీత గీసి "నాటకంలో ఎక్కడ?" అని రాశారు. నిజమే, మూడు దారులు కలిసేచోట కోపంలో చంపాడు కానీ ఆ మనిషి తన తండ్రని అతనికి తెలియదు, పైగా మనం ట్రాజిక్ ఫ్లా అంటున్నదానికి అరిస్టాటిల్ వాడిన హమార్షియా అనే మాటకి పొరపాటు, గురి తప్పడం అనే అర్థాలున్నాయి. అందుకే కోపం, తెలియనితనం రెండూ పెట్టి వాదిద్దామనుకుంటున్నా.

ఆగిపోయింది కథార్సిస్ దగ్గర. అది జాలి, భయం ద్వారా కలుగుతుందని అరిస్టాటిల్ అన్నాడే గానీ అది ప్రక్షాళనా, స్పష్టతా అన్నది వివరించలేదు. చివర్లో కళ్లు పొడుచుకున్న ఈడిపస్ కూతుళ్లని తడుముకుంటుంటే నాకైతే మనసు తేలిక పడలేదు, ఇంకా బరువెక్కింది. పరీక్షలో అలాగే రాయొచ్చా? దానికి ఆధారంగా ఏ మాటలు చూపించాలి?