పల్లీ రేటు పెరిగితే నూనె ధర కూడా పెంచి ఎన్‌పీవీ లెక్కేయాలా?

మహబూబ్‌నగర్ దగ్గర పల్లీ నూనె గానుగ పెడదామని లెక్క వేస్తున్నాను. పెట్టుబడి 40 లక్షలు, 5 ఏళ్లు, డిస్కౌంట్ రేటు 12 శాతం. ఏటా 20,000 లీటర్లు, లీటరు 300 రూపాయలు, పల్లీ ఖర్చుతో కలిపి లీటరుకు 220, స్థిర ఖర్చులు ఏటా 4 లక్షలు. పన్ను ఇంకా కలపలేదు. ఎన్‌పీవీ 3.26 లక్షలు వచ్చింది.

ఒక్కొక్కటే మార్చి చూశాను. అమ్మకాలు 10 శాతం తగ్గితే మైనస్ 2.51 లక్షలు. లీటరు ఖర్చు 220 నుంచి 242కి పెరిగితే మాత్రం ఏకంగా మైనస్ 12.60 లక్షలు! రెండూ కలిపితే మైనస్ 16.79. ఇది చూస్తే బ్యాంకుకు వెళ్లే ధైర్యమే పోతుంది.

కానీ వానలు లేక పల్లీ రేటు పెరిగిన ఏడాది నూనె రేటు కూడా పెరుగుతుంది కదా. 300 దగ్గరే ఆపేస్తే నష్టం ఎక్కువ చూపిస్తున్నానేమో, మొత్తం 22 రూపాయలూ కొనేవాళ్ల మీద వేస్తే నన్ను నేనే మోసం చేసుకున్నట్టు.

చెడ్డ సినారియోలో పెరిగిన 22లో ఎంత భాగం అమ్మకం ధరకు కలపాలో మీరు ఎలా నిర్ణయిస్తారు?