సద్దుల బతుకమ్మల సద్ది, ఫ్రిజ్ డబ్బాల సద్ది ఒక్కటేనా?

నల్లగొండ టీచరమ్మ:
అందరికి నమస్కారం. నేను బడిల తెలుగు చెప్త. మా బిడ్డ డాలస్‌ల ఉంటది, పోయి మూడేండ్లయింది. పోయిన బతుకమ్మ పండుగకు ఒక మీమ్ జేసి వాళ్ళ దోస్తుల గ్రూపుల పెట్టింది, అది చేతులు మారి మారి మా చుట్టాల వాట్సాప్‌ల నుంచి మళ్ల నా కాడికే వచ్చింది. మీద ఫొటోల మన చెరువుకట్ట, నెత్తి మీద బతుకమ్మలు పెట్టుకొని పోయే ఆడోళ్ళు, "ఊర్ల సద్దులు" అని రాసింది. కింద ఫొటోల ఫ్రిజ్ తలుపు తెరిచి ఉన్నది, లోపల ఒక ప్లాస్టిక్ డబ్బా, "నా కాడ గూడ సద్దే" అని రాసింది.

మస్తు నవ్విన. నవ్వినంక ఫోన్ పక్కన పెట్టిన గని నిద్ర పట్టలే. పిల్ల పండుగనాడు రాత్రన్నం తిన్నదా అని ఒక దిక్కు, ఆ మాటను ఎంత మంచిగ వాడింది అని ఇంకో దిక్కు. అయితే నాకు నిజంగ ఒక అనుమానం వచ్చింది. సద్దన్నం అంటే రాత్రి మిగిలిన సల్లటి అన్నం గద, మరి పండుగనాడు పొద్దున్నే లేసి తానం జేసి పొయ్యి మీద వేడివేడిగ వండిన పెరుగన్నం, చింతపండు పులిహోర, నువ్వుల అన్నం, కొబ్బరన్నం, వీటిని మనం సద్దులు అని ఎందుకంటున్నం? తెలిసినోళ్ళు చెప్పుండ్రి.

కల్వకుర్తి కాక:
టీచరమ్మా, ఇండ్ల పెద్ద గడబిడ ఏం లేదు. అది సద్దుల కాదు, సద్దల. సద్దలు అంటే సజ్జలు. బతుకమ్మకు మలీద జేస్తరు గద, సద్ద రొట్టెలు జేసి, ఉడుకుడుకుగ ఉన్నప్పుడే బెల్లం ఏసి పిసికి ముద్దలు కడ్తరు. ఆ సద్దల మలీద పంచే పండుగ గనుక సద్దల బతుకమ్మ. మా అవ్వ గట్లనే అనేది.

వనపర్తి తెలుగు సారు:
కాకా, మలీద సంగతి నిజమే, సజ్జలను మన దిక్కు సద్దలు అనేది గూడ నిజమే. కాని పండుగ పేరు ఆడికెల్లి రాలేదు అనుకుంట. కత్తి అంటే కత్తులు, సుత్తి అంటే సుత్తులు, గట్లనే సద్ది అంటే సద్దులు, సద్దుల బతుకమ్మ. ధాన్యం అయితే సద్దలు, సద్దల రొట్టె అంటం. నడుమ ఉన్న ఒక్క ఉకారమే చెప్తది. ఇంకోటి చూడు, చెరువు కాడ అందరు పంచుకునేది మలీద ఒక్కటే కాదు, నాలుగైదు తీర్ల అన్నాలు, వాటిల ఒక్కొక్కదాన్ని గూడ సద్ది అనే అంటరు, పెరుగు సద్ది, నువ్వుల సద్ది అని. వాటిల సజ్జ గింజ ఒక్కటి లేదు.

ఇగ టీచరమ్మ అడిగిన దానికి వస్త. మన సద్ది, అటు దిక్కోళ్ళ చద్ది ఒక్కటే మాట, చల్లను సల్ల, చెరువును సెరువు అన్నట్లే ఇది గూడ. పాత రూపం చల్ది. సల్లని, సల్ల అనే మాటలల్ల ఉన్న చల్లదనమే అది, లకారం దకారంల కలిసిపోయి చద్ది అయింది. పోతన భాగవతం దశమ స్కంధంల కృష్ణుడు ఎడమ చేతిల పట్టుకున్నది "మీగడ పెరుగుతో మేళవించిన చల్దిముద్ద". ఆ పిల్లలు దూడలను తోలుకొని అడవికి పోయిండ్రు, ఇంటికాడికెల్లి కట్టించుకొని పోయిన తిండి అది. అంటే ఆనాటికే చల్ది అంటే మిగిలిన అన్నం ఒక్కటే కాదు, మూటగట్టుకొని పోయి బయట కూసొని తినే తిండి గూడ. కట్టుకొని పోతే తినే యాళ్లకు ఎట్లైన సల్లబడ్తది, రెండు అర్థాలు ఆడ కలుస్తయి.

మన ఊర్లల్ల రెండో అర్థమే గట్టిగ నిలిచింది. పొలం కాడ ఉన్నోనికి పొద్దుగాల వండిన ఉడుకుడుకు అన్నం తీస్కపోతున్నా "సద్ది తీస్కపోతున్న" అనే అంటం. సద్ది కట్టుడు, సద్దిమూట, సద్దిగిన్నె, ఏ మాట చూసినా దాంట్ల ప్రయాణం ఉన్నది. బతుకమ్మనాడు గూడ అంతే, వండింది ఇంట్ల తినరు, చెరువు కాడికి తీస్కపోయి బతుకమ్మను నీళ్లల్ల సాగనంపినంక కట్ట మీదనే పంచుకొని తింటరు. అందుకే అవి సద్దులు.

గుంటూరు నుంచి ఒకరు:
చాలా బాగా చెప్పారండి. మా వైపు చద్దన్నం అంటే రాత్రిదే, తెల్లారి మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినేది. పెద్దల మాట చద్దిమూట అంటాం కానీ ఆ మూట మాటని రోజూ వాడుకలో వినను. అందుకే ఈ మీమ్ నాకు మొదట అర్థం కాలేదు, పండగ పేరు తెలీకపోతే నవ్వు రాదు. మా భాషలోకి మారిస్తే జోకు చచ్చిపోతుంది.

మిర్యాలగూడ అక్క:
నాకొక డౌట్, ఫ్రిజ్‌ల రెండు రోజుల అన్నం తినొచ్చా? మా కొడుకు మెల్‌బోర్న్‌ల ఉంటడు, ఆదివారం వండి బుధారం దాంక తింటడు, సద్దన్నం మంచిదే గదమ్మా అని నాకే చెప్తడు.

వనపర్తి తెలుగు సారు:
అక్కా, అడిగింది మాట గురించి గని నువ్వన్నదాంట్ల గూడ ఒక ముచ్చట ఉన్నది. మన సద్దన్నం అంటే రాత్రి కుండల నీళ్ళో సల్లో పోసి బయట పెడితే తెల్లారేసరికి పులిసేది, ఆ పులుపే దాని గుణం. ఫ్రిజ్ సలికి పులుసుడు దాదాపు ఆగిపోతది. కాబట్టి బాబు తినేది మన సద్దన్నం కాదు, ఉట్టి నిన్నటన్నం. వండినంక గంటలకొద్ది బయట పెట్టకుంట తొందరగ ఫ్రిజ్‌ల పెట్టి, తినేముందు మంచిగ పొగలొచ్చేదాంక వేడి చేయమను. బయట ఎక్కువసేపు ఉన్న అన్నంల పుట్టే విషం మళ్ల వేడి చేసినా పోదు.

మక్తల్ తమ్ముడు (దుబాయి):
సారు చెప్పింది చదివినంక రాయబుద్ధయింది. మా నాయిన తరం పాలమూరు నుంచి గుంపు మేస్త్రి ఎంబడి బొంబాయి పోయేది, నేను దుబాయి వచ్చిన, కట్టడం పని. మా క్యాంపుల రాత్రి వండుకుంటం, రాత్రే డబ్బాల కట్టుకుంటం, తెల్లారకముందే బస్సు ఎక్కాలె. మధ్యాహ్నం సైట్ మీద తింటం. అంటే సారు చెప్పిన రెండు అర్థాలు నా డబ్బాల ఉన్నయి, రాత్రిదే, మూటగట్టిందే. ఎండాకాలం, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాంక, పన్నెండున్నర నుంచి మూడు దాంక బయట పని బంద్ ఉంటది, అప్పుడు నీడల కూసొని తింటం, డబ్బా తెరిస్తే ఒక్కోసారి వాసనొస్తది, పారబోస్తం.

అక్కా మీ బిడ్డ మీమ్ నాకు గూడ వచ్చింది, మా రూమ్ల ఆరుగురం చూసినం. నలుగురు నవ్విండ్రు. ఒకాయన నవ్వలే, ఆయన బిడ్డ బతుకమ్మ ఎత్తుకొనుడు మొదలువెట్టింది ఈ ఏడే, ఇంకా కండ్లార చూడలే. నాకైతే నవ్వు వచ్చింది, ఎన్కనే కోపం వచ్చింది, ఫ్రిజ్ ఉన్నోళ్ళ బాధ గూడ బాధేనా అని. తెల్లారి మళ్ల నేనే దాన్ని ఊరి గ్రూపుల పెట్టిన. ఎందుకు పెట్టిన్నో చెప్పరాదు.

నల్లగొండ టీచరమ్మ:
తమ్మీ నువ్వు రాసింది నాలుగుసార్లు చదివిన. నీ కోపం తప్పు కాదు.

దేవరకొండ చెల్లె:
టీచరమ్మా మీరు మీమ్ పెద్దగ జేసి చూసిండ్రా? నేను జూమ్ జేసి చూసిన. ఆ డబ్బాల ఉన్నది ఉట్టి తెల్లన్నం కాదు. పచ్చగ ఉన్నది, మూత అంచుకు ఆవగింజలు అంటుకున్నయి, ఒక దిక్కు ఎండుమిరపకాయ తొడిమ కనవడ్తది. అది పులిహోర. మీ పిల్ల రాత్రన్నం తినలే.

నల్లగొండ టీచరమ్మ:
నా కండ్లకు కనవడలే బిడ్డా. ఇప్పుడే దానికి ఫోన్ జేసి అడిగిన. ముందు ఏం లేదమ్మా అన్నది, ఎప్పటికి అట్లనే అంటది. తర్వాత రాసి పంపింది, దాన్నే అడిగి ఇక్కడ పెడ్తున్న:

"అమ్మా, పండుగ వారం నడుమల వచ్చింది, ఇక్కడోళ్ళు అందరికి కుదరాలని శనివారానికే హాల్ తీసుకొని ఆడేసిండ్రు. తంగేడు దొరకదు, గునుగు దొరకదు, చామంతి, బంతి పేర్చినం, ఆడినంక చిన్నపిల్లలు ఆడుకునే గాలి తొట్టిల నీళ్ళు పోసి అండ్ల వేసినం. అసలు సద్దులనాడు ఊర్ల సాయంత్రం ఏడు గొడ్తే నాకు పొద్దున ఎనిమిదిన్నర, ఆఫీసు మీటింగ్ అప్పుడే. నువ్వు చెరువు కాడికెల్లి వీడియో కాల్ జేసినవ్, నేను కెమెరా ఆపేసి, ఒక చెవుల మీటింగ్, ఒక చెవుల మీ పాట పెట్టుకున్న. శనివారం పులిహోరల నుంచి ఒక డబ్బా తీసి ఫ్రిజ్‌ల ఎన్కకు దాచిపెట్టిన, అసలు పండుగనాటికి నాకంటూ ఒక సద్ది ఉండాలె అని. మీటింగ్ అయినంక దాన్ని సంచిల పెట్టుకొని పక్కన చెరువులెక్క ఒక కుంట ఉంటది, ఆడికి పోయి తిన్న. ఇది రాస్తే అందరు అయ్యో అంటరు, అందుకే మీమ్ జేసిన. అయ్యో అంటే నాకు ఏడుపొస్తది, నవ్వితే రాదు."

మిర్యాలగూడ అక్క:
అయ్యో బిడ్డా... అనొద్దన్నది గద, అనబుద్ధయితది ఏం జేయాలె.

గుంటూరు నుంచి ఒకరు:
అయితే ఆ అమ్మాయి రాసిన "నా కాడ గూడ సద్దే" అన్న మాట అబద్ధం కాదు కదండీ. చూసేవాళ్ళు ఫ్రిజ్ అన్నం అనుకుని నవ్వారు, ఆవిడ మాత్రం కట్టుకుని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళిన చద్దే తిన్నది.

వనపర్తి తెలుగు సారు:
అవునండి. నేను గూడ ముందు రాత్రన్నం అనే అర్థంలనే చదివిన. ఆ అమ్మాయికి రెండు అర్థాలు తెలిసే రాసిందా, చిన్నప్పుడు విన్న మాట చేతికి అట్ల వచ్చిందా అనేది టీచరమ్మే అడిగి చెప్పాలె.

నల్లగొండ టీచరమ్మ:
అడిగిన సారు. "గదేంది అమ్మా, సద్దంటే సద్దే గద" అన్నది.

మక్తల్ తమ్ముడు (దుబాయి):
ఆ కుంట ఫొటో ఉంటే పెట్టమనక్కా. మా రూమ్ల ఆయనకు చూపెడ్త.

కల్వకుర్తి కాక:
అంత మంచిగనే ఉన్నది గని, మా అవ్వ సద్దల అనే అనేది, ఉకారం నేను ఎన్నడు ఇనలే. మా ఊర్ల ఇంకో ముసలామె ఉన్నది, ఆమెను అడిగి రికార్డ్ జేసి పెడ్త, సారు ఇనాలె.