అనంత గుణశ్రేఢి లెక్కలో రెండు జవాబులు వస్తున్నాయి, ఏది కొట్టేయాలి?

ఇద్దరు పిల్లల అమ్మ: మా పెద్దమ్మాయికి ఒక లెక్క దగ్గర ఆగిపోయింది. ఒక గుణశ్రేఢిలో అనంత పదాల మొత్తం 8, రెండో పదం −6. సామాన్య నిష్పత్తి కనుక్కోవాలి. తను ఇలా చేసింది:

a/(1−r) = 8 కాబట్టి a = 8(1−r)
ar = −6 కాబట్టి 8r(1−r) = −6
4r² − 4r − 3 = 0
(2r − 3)(2r + 1) = 0

r = 3/2 లేదా r = −1/2. పుస్తకం వెనక మాత్రం −1/2 ఒక్కటే ఉంది. రెండూ అదే సమీకరణం నుంచి వచ్చినప్పుడు ఒకటి ఎందుకు తప్పవుతుందని అడుగుతోంది. నేను చెప్పలేకపోయాను.

సాయంత్రం ట్యూషన్: ఎన్ని పదాలో ఇవ్వకుండా మొత్తం ఎలా ఇచ్చారండీ? n/2[2a + (n−1)d] వాడాలంటే n కావాలి కదా. లెక్కలోనే ఏదో అచ్చుతప్పు ఉన్నట్టుంది.

పరీక్షల బాట: అది అంకశ్రేఢి సూత్రం సార్, ఇక్కడ ఉన్నది గుణశ్రేఢి. అక్కా, ఇది చాలా సులువు. r అనేది 1 కంటే తక్కువ ఉండాలి. 3/2 ఎక్కువ కాబట్టి పోతుంది, −1/2 తక్కువ కాబట్టి ఉంటుంది. అంతే.

చాక్‌పీస్: అమ్మా, మీ అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. సమీకరణం సాధించడంలో తప్పేమీ లేదు. r = 3/2 పెట్టి శ్రేఢిని ఒకసారి రాయించండి. a = 8(1 − 3/2) = −4. అంటే −4, −6, −9, −13.5, ఇలా పోతుంది. అన్నీ రుణ సంఖ్యలే. రుణ సంఖ్యలు కూడుకుంటూ పోతే ధన 8 ఎలా వస్తుంది? కానీ సూత్రంలో పెడితే −4/(1 − 3/2) = 8 అనే వస్తుంది. మొత్తం నిజంగా ఉందా లేదా అన్నది సూత్రం చూడదు, మనమే చూడాలి.

ఇప్పుడు r = −1/2. a = 12. శ్రేఢి 12, −6, 3, −1.5. ఒక్కో పదం కలుపుతూ పోతే 12, 6, 9, 7.5, 8.25, 7.875. ఒకసారి 8కి పైన, ఒకసారి కింద, ప్రతిసారీ దూరం సగమవుతూ దగ్గరికొస్తోంది.

కారణం n పదాల మొత్తంలోనే కనిపిస్తుంది. ఈ లెక్కలో రెండు నిష్పత్తులకూ అది ఒకటే రూపం:

Sₙ = 8 − 8rⁿ

r = −1/2 అయితే rⁿ సున్నా వైపు పోతుంది, 8 మిగులుతుంది. r = 3/2 అయితే rⁿ పెరుగుతూనే ఉంటుంది, మొత్తం 8 నుంచి అంతకంతకూ దూరం పోతుంది. a/(1−r) సూత్రం రాసినప్పుడే rⁿ సున్నా అవుతుందని ఒప్పుకున్నట్టు. ఆ ఒప్పందాన్ని చివర్లో సరిచూడాలి.

ట్యూషన్ గారూ, అంకశ్రేఢి ఇక్కడ కుదరదు. d సున్నా కాకపోతే ఒక పదం దాటాక పదాల పరిమాణం పెరుగుతూనే పోతుంది, అనంతంగా కూడితే ఒక సంఖ్య దగ్గర ఆగదు. అనంత పదాల మొత్తానికి ఒక సంఖ్య ఇచ్చారంటే అక్కడే సూత్రం ఏదో తెలిసిపోతుంది.

బాట తమ్ముడూ, నీ జవాబు సరైనదే కానీ కారణం సగమే. రెండో పదం −6 బదులు −48 అనుకో. 8r(1−r) = −48 నుంచి r = 3 లేదా −2 వస్తాయి. −2 ఒకటి కంటే తక్కువే కదా, ఉంచేస్తావా?

పరీక్షల బాట: a = 24 వస్తుంది. 24, −48, 96, −192... ఆగట్లేదు సార్. అంటే గుర్తు వదిలేసి చూడాలి, |r| < 1. రెండూ పోయాయి. మరి జవాబు ఏం రాయాలి?

చాక్‌పీస్: అలాంటి శ్రేఢి లేదని రాయాలి. అదే పూర్తి జవాబు.

సాయంత్రం ట్యూషన్: సరేనండీ, నేను తొందరపడ్డాను. నాదీ ఒక లెక్క ఉంది, దీనికి దగ్గరదే అనిపిస్తోంది. బంతిని 10 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే ప్రతిసారీ ముందు ఎత్తులో 3/5 వంతు పైకి లేస్తుంది. మొత్తం ఎంత దూరం ప్రయాణిస్తుంది? a = 10, r = 3/5 పెడితే 25 మీటర్లు. పిల్లల్లో ఒకరు పైకీ కిందకీ అని రెట్టింపు చేసి 50 అన్నారు. జవాబు 40 అట.

చాక్‌పీస్: సూత్రం పక్కన పెట్టి బంతి వెంట వెళ్లండి. మొదట 10 మీటర్లు కిందకి. తర్వాత 6 పైకి, 6 కిందకి, అక్కడికి 22. తర్వాత 3.6 పైకి, 3.6 కిందకి, 29.2. మూడోసారి నేలను తాకేసరికే 25 దాటిపోయింది, కాబట్టి 25 తప్పు. 50 ఎందుకు తప్పంటే, మొదటి 10 మీటర్లు బంతి పైకి లేవలేదు, మనం వదిలాం. దాన్ని ఒక్కసారే లెక్కపెట్టాలి. శ్రేఢి 6 దగ్గర మొదలవుతుంది:

10 + 2 × 6/(1 − 3/5) = 10 + 2 × 15 = 40

ఇదే ప్రశ్నను "ఐదోసారి నేలను తాకేసరికి" అని మారిస్తే అనంత సూత్రం పనికిరాదు. అప్పుడు కూడా n = 5 కాదు, 4. ఐదు తాకిళ్ల మధ్య లేచింది నాలుగుసార్లే. 10 + 2 × 13.056 = 36.112 మీటర్లు.

ఇద్దరు పిల్లల అమ్మ: మా అమ్మాయి ఇదంతా చదివింది సార్. Sₙ = 8 − 8rⁿ తనే మళ్లీ రాబట్టింది. తర్వాత రెండో పదాన్ని 1.5గా మార్చి చేసింది. r = 1/4, 3/4 వచ్చాయి. ఒకటి కొట్టేయాలని 3/4 కొట్టేసింది. సరేనా?

చాక్‌పీస్: కొట్టేయకూడదమ్మా. రెండూ −1కీ 1కీ మధ్యలోనే ఉన్నాయి. 6, 1.5, 0.375... మొత్తం 8. 2, 1.5, 1.125... మొత్తం కూడా 8. రెండు శ్రేఢులూ నిజమైనవే, రెండూ రాయాలి. పరీక్షలో రెండు విలువలు వచ్చాయని ఒకటి తీసేసే అలవాటు వల్లే ఇక్కడ మార్కులు పోతాయి.

పరీక్షల బాట: సార్, నేను రెండో పదం −16 పెట్టి చూశాను. r = 2 లేదా −1. 2 పోతుంది. −1 దగ్గర శ్రేఢి 16, −16, 16, −16... మొత్తాలు 16, 0, 16, 0. పెరిగిపోవడం లేదు, సూత్రం 8 అంటోంది, 16కీ 0కీ సరిగ్గా మధ్య 8. దీన్ని మొత్తం అనుకోకూడదా?

చాక్‌పీస్: పాఠశాల లెక్కలో అనుకోకూడదు. 8కి దగ్గరవడం లేదు, ప్రతిసారీ 8 దూరంలోనే ఉంటోంది. |r| < 1 అనే షరతులో −1 పట్టదు.

సాయంత్రం ట్యూషన్: కానీ సగటు తీస్తే 8 వస్తోంది కదండీ. సగటునే మొత్తంగా తీసుకునే పద్ధతి పైచదువుల్లో ఉందని విన్నాను.

చాక్‌పీస్: ఉంది. అక్కడ "మొత్తం" అనే మాటకు అర్థమే వేరుగా పెట్టుకుంటారు. ఆ అర్థంలో 8 సరైనదే, ఈ పుస్తకంలోని అర్థంలో కాదు.

పరీక్షల బాట: అయితే అదే సగటు పద్ధతిలో r = −2 కి కూడా ఏదైనా వస్తుందా సార్? మొత్తాలు 24, −24, 72... రాత్రికి కూర్చుని సగటులు తీసి పెడతాను.