ఇంటర్వ్యూ సమయం తప్పుగా వస్తే రిక్రూటర్‌కు ముందే చెప్పాలా?

పాలకొల్లు అభ్యర్థి: సోమవారం ఉదయం 10:30కి వీడియో ఇంటర్వ్యూ అని శుక్రవారం సాయంత్రం మెయిల్ వచ్చింది. దానితో వచ్చిన క్యాలెండర్ ఆహ్వానం మాత్రం అదే రోజు రాత్రి 8:00 అని చూపిస్తోంది. పైగా మా ఇంటిపేరును నా పేరుగా రాశారు. ఉద్యోగం రాకముందే తప్పులెంచితే తలబిరుసు అనుకుంటారని స్నేహితులు అంటున్నారు. చెప్పాలా, ఊరుకోవాలా?

తణుకు మాస్టారు: తప్పకుండా చెప్పాలి, కానీ దానికి మెయిల్ రాసి వాళ్లను నొప్పించనక్కర లేదు. ఆహ్వానంలో Propose a new time అనే చోట నొక్కి 10:30 అని పెడితే, వాళ్లే చూసి సరిచేస్తారు. పేరు సంగతి కూడా అక్కడే ఒక వాక్యంలో రాసేయండి.

కాకినాడ హెచ్ఆర్: మాస్టారు చెప్పిన సదుపాయం ఉన్న మాట నిజమే కానీ, అది నొక్కితే అవతలివారికి చేరేది తప్పు దిద్దమన్న మనవి కాదు, అభ్యర్థి తన వీలు కోసం వేరే సమయం అడుగుతున్నాడన్న కబురు. సమయం మార్చమన్నది అభ్యర్థే అన్న ముద్ర ఊరికే పడిపోతుంది.

అసలు ఏది తప్పో ఇంకా తేలలేదు. మీ రెండు సమయాల మధ్య తేడా తొమ్మిదిన్నర గంటలు. వేసవిలో న్యూయార్క్ గడియారానికీ మనకూ ఉండే తేడా సరిగ్గా అంతే. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక అది పదిన్నర గంటలవుతుంది. కాబట్టి రిక్రూటర్ 10:30 అని కొట్టేటప్పుడు టైమ్ జోన్ అమెరికా తూర్పు తీరానిదిగా ఉండి ఉండాలి. అది పొరపాటున అలా ఉండిపోయిందా, ఇంటర్వ్యూ చేసేవారు నిజంగా అక్కడే ఉన్నారా అన్నది మీకు తెలియదు. ఇంటర్వ్యూ చేసేవారు చూసేది సాధారణంగా మీకు వచ్చిన మెయిల్‌ను కాదు, ఆహ్వానాన్నే. అందుకే మెయిల్‌ను నమ్మి ఉదయం ఒక్కటే కూర్చుంటే, అసలు మనిషి రాత్రి వచ్చి మీకోసం ఎదురుచూసే అవకాశం ఉంది.

ఆహ్వానాన్ని తిరస్కరించకండి. అదే మెయిల్‌కు, సబ్జెక్టు మార్చకుండా, ఈ సారం వచ్చేలా జవాబివ్వండి: "మెయిల్‌లో సోమవారం ఉదయం 10:30 అని, ఆహ్వానంలో భారత కాలమానం ప్రకారం రాత్రి 8:00 అని కనిపిస్తున్నాయి. రెండు సమయాలకూ నేను అందుబాటులో ఉంటాను. ఏది ఖాయమో తెలిపి, అవసరమైతే ఆహ్వానాన్ని సవరించి పంపగలరు." ఇందులో మీరు తప్పు చేశారన్న మాటే లేదు. సోమవారం తొమ్మిది దాటినా జవాబు రాకపోతే ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తకపోతే 10:25కే లింకు తెరిచి కూర్చోండి, రాత్రికి మళ్లీ తెరవండి.

భీమవరం కుర్రాడు: మెయిళ్లతో పని జరగదండి, ఫోన్ ఒక్కటే మార్గం. నేను నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి హైదరాబాదులో దిగి ఆ ఆఫీసుకు వెళితే, గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకంలో నా పేరు మర్నాటి పేజీలో ఉంది. మెయిల్‌లో తేదీ వేరే ఉందని ఫోన్ తీసి చూపిస్తే, లోపల ఎవరూ లేరన్నాడు.

కాకినాడ హెచ్ఆర్: మీది ఆఫీసుకు వెళ్లే ఇంటర్వ్యూ, ఇది ఇంట్లో కూర్చుని చేసేది కనుక నష్టం ఒకేలా ఉండదు. ప్రయాణం ఉన్నప్పుడు ముందు రోజే ఫోన్ చేయాలన్నది ఒప్పుకుంటాను. అయితే ఫోన్‌లో ఒప్పుకున్నది ఆ వెంటనే మెయిల్‌లో రెండు ముక్కలు రాసి పెట్టకపోతే, రేపు ఆ రిక్రూటర్ సెలవులో ఉంటే మీ మాటకు ఆధారం ఉండదు.

అమలాపురం అక్క: పేరు సంగతి వదిలేశారేమి? మన వైపు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పాన్ కార్డులో చివర ఉంటుంది. తప్పు రిక్రూటర్‌దేనని ఎలా అంటాం? దరఖాస్తులో మొదటి గడిలో ఈ అబ్బాయే ఇంటిపేరు రాసి ఉండవచ్చు.

కాకినాడ హెచ్ఆర్: నిజమే, ముందు తన దరఖాస్తు చూసుకోవాలి. ఏమైనా, సమయం అడిగే మెయిల్‌లో పేరు కలపవద్దని నా అభిప్రాయం, ఎందుకంటే తొందరలో చదివేవారు ఒకదానికి జవాబిచ్చి రెండోదాన్ని మరిచిపోతారు. పేరు తప్పున్నంత మాత్రాన ఇంటర్వ్యూ ఆగదు. కానీ ఆఫర్ లెటర్‌లోకి పేరు చాలా చోట్ల ఆ నమోదు నుంచే వెళుతుంది కాబట్టి, ధ్రువపత్రాలు అడిగేలోపే పాన్‌లో ఉన్న తీరు చూపి మార్పించుకోవాలి.

తణుకు మాస్టారు: రెండు మెయిళ్లు రాస్తే రెండుసార్లు విసిగించినట్లు కాదా? పైగా సరిచూసేది చదువు సర్టిఫికెట్లను కదా, పాన్ ప్రకారం మార్పిస్తే అక్కడ తేడా రాదా?

పాలకొల్లు అభ్యర్థి: ఇప్పుడే జవాబు వచ్చిందండి. ఇంటర్వ్యూ చేసే ఆయన అమెరికాలో ఉన్నారట, రాత్రి 8:00 అన్నదే సరైనదట. పేరు నేనే మొదటి గడిలో తిరగేసి రాశానేమో చూద్దామంటే, పంపిన దరఖాస్తు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. మాస్టారు అడిగిన దానికి ఎవరైనా చెబితే, పాన్ ప్రకారం అడగాలో, సర్టిఫికెట్ ప్రకారం అడగాలో తేల్చుకుని రెండో మెయిల్ రాస్తాను.