17 రాళ్ళ వాచీ, 25 రాళ్ళ వాచీ: ఏది మెరుగు?

కొత్తగాకొన్నా:
నాన్న వాడిన కీ ఇచ్చే వాచీ డయల్ మీద 17 జ్యువెల్స్ అని ఉంది. నేను కొన్న ఆటోమేటిక్ మీద 25 అని ఉంది. 25 ఉంది కాబట్టి నీదే మంచి వాచీ అంటున్నాడు మా బావ. అసలు ఆ రాళ్ళు లోపల ఏం చేస్తాయి? ఎక్కువుంటే నిజంగా మంచిదా?

శ్రీను_7:
మీ బావ కరెక్టే. తక్కువ రాళ్ళంటే చౌక వాచీ. అంతే.

భాస్కర్41:
సింపుల్ విషయం ఇది. లోపల ప్రతి చక్రం ఇరుసు మీద తిరుగుతుంది, తిరిగే ప్రతిచోటా రాపిడి ఉంటుంది, రాయి పెడితే రాపిడి తగ్గుతుంది. కాబట్టి ఎన్ని రాళ్ళుంటే అంత తక్కువ రాపిడి, అంత ఎక్కువ కాలం మన్నుతుంది. నా దగ్గర 41 రాళ్ళ పాత ఆటోమేటిక్ ఉంది, వేటాడి మరీ కొన్నా. ఊరికే ఎవరూ 41 పెట్టరు కదా.

లూప్_రాంబాబు:
బెంచీ మీద కూర్చుని చాలా ఏళ్ళయింది కాబట్టి నాకు తెలిసింది చెప్తా. ముందు మీ నాన్నగారి వాచీలో ఆ 17 ఎక్కడున్నాయో లెక్కపెడదాం, మిగతా గొడవ దాంట్లోనే తేలిపోద్ది.

అటూ ఇటూ ఊగే చక్రం ఉంది చూడండి, బ్యాలెన్స్, దాని ఇరుసు రెండు కొనలకీ చిల్లు ఉన్న రాయి ఒకటి, దాని వెనక మూతలాగా చిల్లు లేని రాయి ఒకటి, మొత్తం 4. బ్యాలెన్స్ కింద, ఎస్కేప్ వీల్ పళ్ళని ఒక్కోటిగా ఆపి వదిలే ఫోర్కుని తన్నే చిన్న పుల్లలాంటి రాయి 1. ఫోర్కు చేతులకి పలకలు 2. ఇక్కడికి 7. ఇక ఫోర్కు ఇరుసుకి 2, ఎస్కేప్ వీల్‌కి 2, సెకన్ల చక్రానికి 2, మూడో చక్రానికి 2, మధ్య చక్రానికి 2. మొత్తం 17. ముళ్ళు తిప్పే వరసలో మిగిలింది స్ప్రింగు డబ్బా ఒక్కటే.

మీ 25 రాళ్ళ దాంట్లో ఈ 17 ఎలాగూ ఉంటాయి, అదనంగా వచ్చినవి ఎక్కువగా చెయ్యి కదిలితే తిరిగే బరువు పలక, అదే రోటర్, దాని ఊపుతో స్ప్రింగుకి కీ ఎక్కించే చక్రాలకే. ఆ చక్రాలే మీ నాన్నగారి వాచీలో లేవు. లేని చక్రానికి రాయి ఎందుకు పెడతారండి? రెండూ వాటి వాటికి సరిపడా రాళ్ళున్న వాచీలే.

సన్నజాజి:
మా అమ్మమ్మ వాచీలో కూడా ఎర్ర రాళ్ళున్నాయి, కెంపులంట. తీసి ఉంగరం చేయించుకోవచ్చా?

లూప్_రాంబాబు:
వద్దమ్మా. కెంపే గానీ ఫ్యాక్టరీలో పొడి కరిగించి చేసిన కెంపు. 1902లో వెర్నూయ్ అనే ఫ్రెంచ్ కెమిస్టు ఆ పద్ధతి బయటపెట్టాక అసలు రాళ్ళు చెక్కి పెట్టాల్సిన పనే పోయింది. వాచీలోంచి తీస్తే దానికి విలువ లేదు, వాచీ కూడా ఆగిపోద్ది.

కేశవ్_మెకానికల్:
భాస్కర్ గారి లాజిక్‌లో తప్పుంది. స్టీలు మీద కెంపు రాపిడి, నూనె వేసిన ఇత్తడి మీద స్టీలు రాపిడి, ఈ రెంటికీ మరీ అంత తేడా ఉండదు. మరి రాపిడి కోసం కాకపోతే ఇంకెందుకు? నన్నడిగితే సగం షోకే. మంచి కంచు బుష్ వేసి నూనె వేస్తే చాలు.

లూప్_రాంబాబు:
కేశవ్ గారూ, మొదటి సగం ఒప్పుకుంటా, "షోకే" అన్నదే ఒప్పుకోను. వాచీ కొత్తగా ఉన్న రోజు మీ లెక్క కరెక్టే. పదేళ్ళయ్యాక చూడండి. ఇత్తడి మెత్తన. గాల్లో దుమ్ము నూనెలో పడి ఇత్తడిలో దిగబడుద్ది, అక్కడే ఉండిపోయి సానరాయిలా తిరిగే స్టీలు ఇరుసుని అరగదీస్తది. తమాషా ఏంటంటే మెత్తనిది ఇత్తడి, ముందు అరిగేది స్టీలు. తర్వాత చిల్లు కూడా ఒకవైపుకి సాగి కోడిగుడ్డు ఆకారానికొస్తది, చక్రం ఒరుగుద్ది, పక్క చక్రం పళ్ళతో సరిగ్గా పట్టదు. కెంపులో దుమ్ము దిగబడదు, నునుపు పోదు, చిల్లు సాగదు. రెండోది నూనె. రాయి మీద చిన్న గిన్నెలాంటి పల్లం ఉంటది, చుక్క అక్కడే నిలబడుద్ది. బ్యాలెన్స్ దగ్గర మూత రాయికీ చిల్లు రాయికీ మధ్య సందులో ఇరుక్కుని ఏళ్ళ తరబడి ఎటూ పోదు.

ఆ ఇరుసు కొన సుమారు 0.1 మిల్లీమీటరు. పాత లెక్కన గంటకి 18,000 ఊపులంటే రోజుకి 4,32,000, ఏడాదికి 15 కోట్లు పైనే. అక్కడ కంచు పెట్టి చూడండి ఎన్నాళ్ళుంటదో.

కేశవ్_మెకానికల్:
బ్యాలెన్స్ దగ్గర సరే, ఒప్పుకున్నా. కానీ మధ్య చక్రం గంటకి ఒక్కసారి తిరుగుతుంది. స్ప్రింగు డబ్బా అయితే ఒక చుట్టుకి ఆరేడు గంటలు. అక్కడ రాయి ఎందుకు? నా పాయింటు అదే.

భాస్కర్41:
అంటే నా 41 సంగతేంటి? నేరుగా చెప్పండి, నేను మోసపోయానా లేదా? వెనక మూత తీసిన ఫోటో పెడుతున్నా.

లూప్_రాంబాబు:
ఫోటో చూశా. మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా, బాధపడకండి. రోటర్ అంచు కింద వరసగా 14 రాళ్ళు కనపడుతున్నాయి. రోటర్ వాటికి తగలదు, తగిలితే గీతలు పడేవి, ఒక్క గీత లేదు. కొన్ని తేదీ డిస్కు కింద ఉండుంటాయి, ఆ డిస్కు రోజుకోసారి కదుల్తది. పని చేసే రాళ్ళు 17, ఆటోమేటిక్ వైపు కొన్ని. మిగతావి లెక్క కోసం.

ఇది మీ ఒక్కరి వాచీ కథ కాదు. అప్పట్లో 100 రాళ్ళ వాచీ కూడా అమ్మారు, 17 పనిచేసేవి, 83 రోటర్‌లో చిల్లులు చేసి గుచ్చినవి. ఈ గోల ముదిరాకే పనిచేసే రాయి ఏది, పనిచేయనిది ఏది అని ఐఎస్ఓ 1112 అని ఒక ప్రమాణం రాయాల్సొచ్చింది.

శ్రీను_7:
83 గుచ్చారా 😂 ముక్కుపుడక నయం

భాస్కర్41:
నవ్వండి నవ్వండి. రాంబాబు గారూ, మీ రిపేరోళ్ళందరిదీ ఒకటే పాట, "17 చాలు సార్". ఎందుకో నాకు తెలుసు. రెండేళ్ళ కింద వేరే వాచీ సర్వీసింగ్‌కి ఇచ్చా. తెచ్చుకున్నాక బల్ల మీద పడుకోబెడితే బాగానే నడిచేది, చేతికి పెట్టుకుంటే రోజుకి రెండు నిమిషాలు వెనక. మూడుసార్లు తిరిగా. చివరికి ఇంకొకతను విప్పి చూస్తే బ్యాలెన్స్ కింద రాయి పగిలుంది, మొదటాయన చూసి కూడా అలాగే బిగించి పంపాడు. అడిగితే "ఒక్క రాయే కదా సార్" అన్నాడు! రాళ్ళు ముఖ్యం కాదని మీరనేది రాయి మార్చడం మీకు కష్టం కాబట్టి.

లూప్_రాంబాబు:
నేనెక్కడన్నానండీ రాళ్ళు ముఖ్యం కాదని? పైన అంత రాసింది ఎందుకు ముఖ్యమో చెప్పడానికే! పగిలిన రాయి ఇత్తడి కంటే దరిద్రం, పగులు అంచు ఆకురాయిలా ఇరుసుని గీకేస్తది. మీ వాచీ పడుకోబెడితే బాగుండి నిలబెడితే తగ్గిందంటే సరిగ్గా అదే లక్షణం. పడుకున్నప్పుడు బరువు మూత రాయి మీద, ఇరుసు కొన బొడిపె మీద ఉంటది, నిలబెడితే చిల్లు రాయి గోడకి ఆనుద్ది. పగిలింది ఆ గోడ. టైమింగ్ మెషీన్ మీద పెడితే బ్యాలెన్స్ ఊపు పడుకోబెట్టినప్పుడు 280 డిగ్రీలుంటే నిలబెట్టినప్పుడు 200కి పడిపోయేది. ఏ వాచీకైనా కొంత తగ్గుద్ది గానీ ఇంత తగ్గదు. అది చూసీ బిగించినోడు తప్పే చేశాడు, వెనకేసుకురాను.

కానీ ఒకటి చూడండి. మిమ్మల్ని ఏడిపించింది ఆ 17లో ఒక్క రాయి. మీ 41లో రోటర్ కింద 14 మొత్తం పగిలినా వాచీకి సెకను తేడా రాదు.

భాస్కర్41:
...అది నిజమే. కానీ నా అసలు బాధ వేరే. మూత విప్పి చూసుకునే చదువు నాకు లేదు, డయల్ మీద రాసిన నంబరే నాకు దిక్కు. ఆ నంబరు కూడా నమ్మొద్దంటే కొనేవాడు దేన్ని చూసి కొనాలి?

లూప్_రాంబాబు:
ఇదీ అసలు ప్రశ్న, ముందే అడిగుంటే ఇంత అరుచుకునేవాళ్ళం కాదు. కీ ఇచ్చే మూడు ముళ్ళ వాచీకి 17 ఉంటే ముఖ్యమైన చోట్లన్నీ కవరైనట్టు. 7 అని ఉంటే బ్యాలెన్స్, ఫోర్కు దగ్గర మాత్రమే, మిగతా చక్రాలు ఇత్తడిలో తిరుగుతాయి. ఆటోమేటిక్ అయితే ఇరవై పైన మామూలే. అది దాటి పెరిగితే ఎక్కడ పెట్టారని అడగాలి. స్టాప్‌వాచీలా పనిచేసే క్రోనోగ్రాఫ్ లాంటి అదనపు పని ఉంటే దానికి రాళ్ళు పెరగడం న్యాయమే. ఇంకో ముచ్చట, అమెరికాలో 1930 సుంకం చట్టం ప్రకారం 17 రాళ్ళు దాటిన మూవ్‌మెంట్‌కి, అంటే వాచీ లోపలి యంత్రానికి, 10.75 డాలర్లు కట్టాల్సొచ్చేది. అందుకే అక్కడికి పంపే వాచీలు చాలావరకు 17 దగ్గర ఆగిపోయేవి. అంటే ఆ నంబరు వెనక ఒక్కోసారి ఇంజనీరు లేడు, పన్ను గుమాస్తా ఉన్నాడు.

ఎక్కువైతే నష్టం కూడా ఉంది. కొన్ని 21 రాళ్ళ పాత వాచీల్లో ఫోర్కు ఇరుసుకి కూడా మూత రాళ్ళు పెట్టారు. ఆ ఇరుసు చాలా తేలిక, చిన్న ఊపు, మామూలుగా దానికి నూనె వేయకుండా పొడిగానే వదిలేస్తాం, కెంపు కాబట్టి నడుస్తది. మూత రాయి పెట్టాక నూనె వేయాలా వద్దా అని మా వాళ్ళలోనే తగువు. వేస్తే నూనె చిక్కబడిన రోజున ఫోర్కు బద్ధకిస్తది. నేనైతే వేయను.

కొత్తగాకొన్నా:
అంటే నాన్న వాచీ అమ్మకుండా ఉంచుకోమంటారా? మొన్న చూశా, పడుకోబెట్టినా నిలబెట్టినా ఒకేలా నడుస్తోంది, రోజుకి పది సెకన్లు ముందు.

లూప్_రాంబాబు:
ఆ వయసు వాచీకి అది చాలా బావున్నట్టు. సర్వీసింగ్ ఎప్పుడు చేశారో కనుక్కోండి, నూనె ఎండిపోతే కెంపున్నా కాపాడలేదు.

కేశవ్_మెకానికల్:
బ్యారెల్, అదే స్ప్రింగు డబ్బా, దాని సంగతి దాటేశారు. చాలా నెమ్మది, కానీ స్ప్రింగు బలమంతా అక్కడే. నా లెక్కన మంచి కంచు, గ్రీజు చాలు, రాయి పెడితే దెబ్బకి పగిలే వస్తువు ఒకటి ఎక్కువైనట్టు.

లూప్_రాంబాబు:
పాత 23 రాళ్ళ రైల్వే వాచీల్లో బ్యారెల్‌కి రాళ్ళుండేవి, అవి ఇప్పటికీ బాగున్నవి చూశా. బ్యారెల్ చిల్లు సాగిపోయి పక్క చక్రాన్ని గీకే కొత్త వాచీలూ చూశా, వాటిలో రాయి లేదు. మీరన్నట్టు గ్రీజు బాగున్నంత కాలం తేడా తెలీదు. గ్రీజు ఎవరు చూస్తారండి?

కేశవ్_మెకానికల్:
గ్రీజు చూడకపోవడం సర్వీసింగ్ తప్పు, డిజైన్ తప్పు కాదు. ఇది నేను ఒప్పుకోను.

భాస్కర్41:
ఇదంతా సరే గానీ రాంబాబు గారూ, ఆ 14 కాక మిగతావి ఎక్కడున్నాయో ఇంకో ఫోటో పెడతా, లెక్కపెట్టి చెప్తారా? డయల్ వైపు విప్పించి తీయిస్తా.